నెట్ లేని రోజులకు కూడా పూర్తి బిల్లు వేశారు, క్రెడిట్ ఎలా రాబట్టాలి?

రవళి_ఉప్పల్ · జూన్ 18

మాది ఉప్పల్ దగ్గర అపార్ట్‌మెంట్. ఫైబర్ కనెక్షన్, పోస్ట్‌పెయిడ్, నెలకు 799. జీఎస్టీ కలిపితే 942 రూపాయల 82 పైసలు. కంపెనీ పేరు రాయను. ఇక్కడ సగం మందికి అదే ఉంటుంది, మిగతా సగం మందిది పేరు మారినా కథ ఇదే.

ఈ నెల 1న, సోమవారం సాయంత్రం నెట్ పోయింది. కంప్లైంట్ ఇచ్చాను. బుధవారం రాత్రి ఓ గంట వచ్చింది, వెంటనే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ కూడా వచ్చింది. తెల్లారేసరికి మళ్లీ ఎర్ర లైటు. గురువారం ఇంకో కంప్లైంట్. శనివారం మధ్యాహ్నం వచ్చింది, ఆదివారం పోయింది. 8న సోమవారం పొద్దున పదకొండింటికి మూడో కంప్లైంట్. 11న గురువారం పదింటికి ఒకబ్బాయి వచ్చి మెట్ల దగ్గరి బాక్సులో ఏదో మార్చి వెళ్లాడు. అప్పటి నుంచి బాగానే ఉంది.

బిల్లు మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, మీ మూడు కంప్లైంట్లలో ఏదీ మూడు రోజులు దాటలేదు, సిస్టమ్ క్రెడిట్ చూపించట్లేదు" అన్నారు. దానికి బదులు ఒక నెల ఓటీటీ ఫ్రీగా ఇస్తామన్నారు. నెట్ లేనప్పుడు ఓటీటీ ఏం చేసుకోను?

నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఆ రోజులన్నీ ఫోన్ డేటాతో లాక్కొచ్చాను. నా డబ్బు నాకు ఎలా వస్తుంది?

గాజువాక_శ్రీను · జూన్ 18

ఇంత దాకా ఎందుకండీ, నేరుగా ట్రాయ్‌కి ఒక మెయిల్ కొట్టండి. రోజుకు 12 గంటలు నెట్ పోతే ఒక రోజు డబ్బు వెనక్కి ఇవ్వాలని రూల్ వచ్చింది. ఇవ్వకపోతే కంపెనీకి లక్షల్లో ఫైన్ పడుతుంది. నేను వార్తల్లో చూశాను.

సుబ్బు_కొత్తపేట · జూన్ 18

మా ఇంట్లో కూడా ఇదే ప్రాబ్లమ్. హాల్లో 100 ఎంబీపీఎస్ వస్తుంది, బెడ్‌రూమ్‌లోకి వెళ్తే 8 కూడా రాదు. దీనికి కూడా క్రెడిట్ అడగొచ్చా? వాళ్లు 100 అని చెప్పే కదా అమ్మారు.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 18

సుబ్బు గారూ, మీది గోడల సమస్య, లైన్ సమస్య కాదు. కేబుల్ పెట్టి కొలిచినా 8 వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

శ్రీను గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ 12 గంటల లెక్క మొబైల్ నెట్‌వర్క్ ఒక జిల్లా మొత్తం మీద పడిపోయినప్పటిది. జిల్లాలో 24 గంటలకు మించి సేవ ఆగితే, ఆ లెక్కలో ఒక రోజులో 12 గంటలు పైబడిన అంతరాయాన్ని పూర్తి రోజుగా తీసుకుంటారు. ఇంటి ఫైబర్‌కి అది పనికిరాదు. ఇక ట్రాయ్ విడి వినియోగదారుల ఫిర్యాదులు విచారించదు. మెయిల్ పెడితే కంపెనీకి పంపిస్తుంది, అంతే.

రవళి గారికి పనికొచ్చేది వేరే ఉంది. బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు 2006లో ట్రాయ్ నిబంధనలు పెట్టింది. ఫిర్యాదు నమోదయ్యాక లైన్ మూడు పనిరోజుల్లో బాగు కాకపోతే ఏడు రోజుల అద్దె తగ్గించాలి. ఏడు పనిరోజులు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెలది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పాతవాటిని తీసేసి మొబైల్, ల్యాండ్‌లైన్, బ్రాడ్‌బ్యాండ్ అన్నిటికీ కలిపి ఒకటే చేశారు. వాటిలో కూడా మూడు రోజుల గీత ఉంది. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు చెల్లుబాటు పొడిగింపు. మీరు రాసేటప్పుడు ట్రాయ్ సైట్ నుంచి 2024 నోటిఫికేషన్ దించుకుని, అందులోని క్లాజు నంబరు, రోజుల లెక్క చూసి అలాగే రాయండి. ఎవరో ఫోరమ్‌లో చెప్పారని మాత్రం రాయకండి.

ఇప్పుడు అసలు మెలిక. కంపెనీ మీ పది రోజుల గొడవను మూడు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కా మూడు రోజుల లోపే ఉంది. మూడోది చూడండి, సోమవారం పదకొండింటి నుంచి గురువారం పదింటి దాకా. గంట తక్కువ మూడు రోజులు! మా రోజుల్లో కూడా ఈ విద్య ఉండేది. లైన్ వచ్చినా రాకున్నా గడువు ముంచుకొస్తే రిజిస్టర్లో "ఓకే" రాసేసేవాళ్లు, సబ్‌స్క్రైబర్ మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు.

కాబట్టి మీరు నిరూపించాల్సింది ఒక్కటే. జరిగింది మూడు ఫాల్టులు కాదు, బాగు కాని ఒకే ఫాల్టు అని. దానికి ఏమైనా ఉన్నాయా? రూటర్ ఫొటోలు, మెసేజ్‌లు, టెక్నీషియన్ ఏం మార్చాడో ఏమైనా తెలుసా?

రవళి_ఉప్పల్ · జూన్ 19

మెసేజ్‌లన్నీ ఉన్నాయి. కంప్లైంట్లకు ఇచ్చిన డాకెట్ నంబర్లు మూడూ ఉన్నాయి. LOS అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతున్న ఫొటోలు ఫోన్‌లో నాలుగైదు ఉన్నాయి, ఆఫీసు వాళ్లకు చూపించడానికి తీశాను. రెండో కంప్లైంట్ అప్పుడు ఒకబ్బాయి ఫోన్ చేసి "ఓటీపీ చెప్పండి మేడమ్, లేకపోతే నా టికెట్ క్లోజ్ అవ్వదు, సార్ తిడతాడు" అన్నాడు. అప్పుడు నెట్ వచ్చింది కదా అని చెప్పేశాను. టెక్నీషియన్ ఏం చేశాడో నాకు తెలియదు.

ఫైబర్_యాదగిరి · జూన్ 19

అక్కా, నేను ఈ పనే చేస్తా, మీ కంపెనీలో కాదు లెండి. ఓటీపీ అడిగిన పిల్లగాని తప్పు కూడా పూర్తిగా లేదు. గడువులోపు టికెట్ మూయకపోతే వానికే కోత పడతది. కానీ మీరు ఓటీపీ ఇస్తే "కస్టమర్ ఒప్పుకున్నది" అని రికార్డ్ అవుతది. ఇంకోసారి అడిగితే "ఒక రోజు నిలకడగా నడిచినాక చెప్తా" అనండి.

మీ ఇంట్లో రూటర్ డబ్బాకు కంప్యూటర్‌ని కేబుల్‌తోనో వైఫైతోనో కలిపి, బ్రౌజర్లో 192.168.1.1 కొట్టండి. లాగిన్ వివరాలు డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటయి. లోపల స్టేటస్‌లో PON అనో Optical అనో ఒక పేజీ ఉంటది. అందులో Rx Power అని మైనస్ అంకె కనపడుతది. మామూలుగా -15 నుంచి -25 మధ్య ఉంటే లైన్ బాగున్నట్టు. -27 దాటి కిందికి పోతే లైన్ ఊగులాడుతది. రాత్రి వస్తది, ఎండకు పోతది, ఎవరన్నా వైర్ కదిలిస్తే వస్తది. మీరు చెప్పిన లక్షణాలు ఇవే. ఒకేసారి తెగిపోతే మధ్యలో గంట వచ్చుడు ఉండదు.

మెట్ల దగ్గరి బాక్సులో మార్చిండు అంటే కనెక్టర్ అయి ఉంటది. ఫీల్డ్‌లో చేత్తో బిగించే కనెక్టర్లు ఉంటయి, వెల్డింగ్ మిషన్ లేకుండా రెండు నిమిషాల్లో పెట్టేస్తరు. సరిగ్గా కోయకపోతే, దుమ్ము పడితే కొన్ని నెలలకు ఇట్లనే అవుతది. రికార్డులో మీ డబ్బా పవర్ వాళ్ల దగ్గర కూడా ఉంటది. ఆఫీసు నుంచి ప్రతి ఇంటి సిగ్నల్ కనపడుతది వాళ్లకు.

రవళి_ఉప్పల్ · జూన్ 19

యాదగిరి గారూ, ఇప్పుడు చూశాను. -20.4 చూపిస్తోంది. కానీ ముందు ఎంత ఉందో తెలియదే!

ఆగండి. ఆఫీసు ఐటీ అబ్బాయికి 5వ తేదీన స్క్రీన్‌షాట్లు పంపాను, అతనే అడిగాడు. అందులో ఈ పేజీ ఉంది. -30.1. లైన్ లేనప్పుడు 9న ఇంకోటి పంపాను, అందులో అంకె రాలేదు, గీతలు ఉన్నాయి.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 19

ఇదే కావాలి అమ్మా. 5వ తేదీ రెండో డాకెట్ కాలం, 9వ తేదీ మూడో డాకెట్ కాలం. రెండింటిలోనూ సిగ్నల్ చచ్చిపోయి ఉంది. కనెక్టర్ మార్చాక పది డీబీ మెరుగైంది. మధ్యలో వాళ్లు బాగు చేసింది ఏమీ లేదని దీంతో తెలిసిపోతుంది. వాళ్ల దగ్గర మీ రూటర్ సిగ్నల్ చరిత్ర ఉంటుంది కాబట్టి దాన్ని బయటపెట్టమని అడగండి. అడిగినది ఇవ్వకపోయినా ఫరవాలేదు, అడిగినట్టు కాగితం మీద ఉండాలి.

నేను చెప్పిన 2006 స్లాబుల ప్రకారం లెక్క వేద్దాం, కొత్త నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి. 1వ తేదీ సాయంత్రం నుంచి 11 పొద్దున వరకు ఆదివారం తీసేస్తే ఏడు పనిరోజులు దాటాయి. పదిహేను రోజుల అద్దె అంటే 799లో సగం, 399.50. దాని మీద 18 శాతం జీఎస్టీ 71.91. మొత్తం 471.41. జీఎస్టీ ఎందుకు కలిపానంటే, మీరు ఆ పన్ను కూడా కట్టారు, సేవ లేనప్పుడు పన్ను మాత్రం వాళ్ల దగ్గర ఎందుకు ఉండాలి? చాలామంది అడగరు, వాళ్లు ఇవ్వరు.

కంపెనీ మూడు ముక్కల వాదనే నెగ్గితే మీకు సున్నా. మధ్యేమార్గంగా ఏడు రోజుల స్లాబు ఇస్తామంటే 186.43, జీఎస్టీతో కలిపి 219.99. ఎక్కడ ఆగాలో ముందే మనసులో పెట్టుకోండి.

క్రాయిడన్_తెలుగోడు · జూన్ 19

నేను యూకేలో ఉంటాను. ఇక్కడ ఇలాంటివాటికి ఆటోమేటిక్ పరిహారం స్కీమ్ ఉంది. 2019 ఏప్రిల్‌లో రోజుకు 8 పౌండ్లతో మొదలైంది, ఏటా ధరలతో పాటు పెరుగుతోంది. రెండు పూర్తి పనిదినాల్లో బాగు చేయకపోతే అడగకుండానే బిల్లులో పడుతుంది. చేరిన కంపెనీలకే వర్తిస్తుంది, పెద్దవి చాలావరకు చేరాయి.

కానీ రవళి గారి సమస్య ఇక్కడా ఉంది. నెట్ పూర్తిగా పోతేనే ఇది. వచ్చీపోయే లైన్‌కి రాదు. పోయిన చలికాలం ఆ వాదనలోనే నాకు తల బొప్పికట్టింది.

రామంతాపూర్_కిరణ్ · జూన్ 20

నాదొక సందేహం. 2025 ఆగస్టులో మా దగ్గర ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. మాకు చాలా రోజులు నెట్ లేదు. కంపెనీ "కోసింది మేము కాదు, మా చేతుల్లో లేదు" అని ఒక్క రూపాయి ఇవ్వలేదు. చనిపోయిన ఇళ్లవాళ్ల ముందు నా నెట్ బాధ చిన్నదే, కానీ బిల్లు మాత్రం పెద్దదే వచ్చింది. నాకు రావాల్సిందేనా?

గాజువాక_శ్రీను · జూన్ 20

రాదండి. అది దైవఘటన కింద వస్తుంది.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 20

దైవఘటన ఎలా అవుతుంది శ్రీను గారూ? తుపాను వేరు. స్తంభాల మీద అడ్డదిడ్డంగా వైర్లు వేలాడదీసినది మనుషులే, కోసినదీ మనుషులే. నా అభిప్రాయంలో, ఎవరు కోశారన్నది కంపెనీకీ కోసినవాళ్లకీ మధ్య తగాదా. లేని సేవకు అద్దె తీసుకోవడం వేరే సంగతి. అయితే ఇది నా అభిప్రాయమే, వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ వకీలు వేరేగా వాదిస్తాడు. కిరణ్ గారూ, మీరు అప్పుడు కంప్లైంట్ నమోదు చేశారా?

రామంతాపూర్_కిరణ్ · జూన్ 20

లేదు సార్. అందరికీ పోయింది కదా, కంపెనీకి తెలుసులే అనుకున్నాం.

ఫైబర్_యాదగిరి · జూన్ 20

అదే దెబ్బ అన్నా. వీధి మొత్తం పోయినా, మీ పేరు మీద డాకెట్ లేకుంటే వాళ్ల లెక్కల్లో మీ లైన్ బాగున్నట్టే. గడియారం మొదలయ్యేది కంప్లైంట్ నుంచే.

రవళి_ఉప్పల్ · జూన్ 21

ఇలా రాశాను, చూసి చెప్పండి. ముందు మామూలు కంప్లైంట్‌గా, బిల్లింగ్ కింద పెడుతున్నాను.

"నా కనెక్షన్‌లో జూన్ 1 నుంచి 11 వరకు ఒకే లోపం కొనసాగింది. మీరు దాన్ని మూడు డాకెట్లుగా నమోదు చేసి, మొదటి రెండింటిని లోపం సరిచేయకుండానే మూసివేశారు. జూన్ 5న Rx Power -30.1గా ఉన్నట్టు, జూన్ 9న సిగ్నల్ లేనట్టు స్క్రీన్‌షాట్లు జతపరిచాను. జూన్ 11న మీ టెక్నీషియన్ మెట్ల దగ్గరి బాక్సులో మరమ్మతు చేశాక అది -20.4కు వచ్చింది. మొదటి డాకెట్ తేదీ నుంచి లెక్కించి అద్దె తగ్గింపు 399.50, దానిపై జీఎస్టీ 71.91, మొత్తం 471.41 రూపాయలు బిల్లులో సర్దుబాటు చేయాలి. ఈ కాలానికి నా పరికరం సిగ్నల్ రికార్డు, మూడు డాకెట్ల మూసివేత వివరాలు ఇవ్వాలి. ఓటీటీ వంటి ఆఫర్లు నాకు అంగీకారం కాదు."

వర్క్ ఫ్రమ్ హోమ్ నష్టం, ఫోన్ డేటా ప్యాక్ ఖర్చు కూడా కలపమంటారా? మా ఆయన కలపమంటున్నారు.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 21

ఇప్పుడు కలపకండి. బిల్లింగ్ క్లర్కుకు ఇవ్వగలిగింది అద్దె ఒక్కటే. మిగతావి కలిపితే మొత్తం పక్కన పెట్టేస్తాడు. డేటా ప్యాక్ రసీదులు దాచుకోండి, కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే అక్కడ అడగొచ్చు. 2024 నిబంధన క్లాజు నంబరు చేర్చండి. మిగతాదంతా బాగుంది.

సుబ్బు_కొత్తపేట · జూన్ 21

నేనైతే ఈ నెల బిల్లే కట్టను. ఆటోపే తీసేస్తే వాళ్లే కాళ్ల దగ్గరికి వస్తారు.

లలిత_విజయవాడ · జూన్ 21

సుబ్బు గారూ, మేం అలాగే చేశాం. వాళ్లు కాళ్ల దగ్గరికి రాలేదు, కనెక్షన్ ఆపేశారు, లేట్ ఫీజు వేశారు, రూటర్ వెనక్కి ఇవ్వమని రోజూ ఫోన్లు. చివరికి మా వైపు న్యాయం ఉన్నా "బిల్లు కట్టని కస్టమర్" అనే మాట మిగిలింది. కట్టేసి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని మెయిల్ పెట్టడమే మేలు. వివాదం లేని భాగం మాత్రమే కట్టొచ్చా అంటే, మా యాప్‌లో ఆ అవకాశమే లేదు, పూర్తి మొత్తమే తీసుకుంటుంది.

రవళి_ఉప్పల్ · జూన్ 26

జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదులు నిర్దేశిత సమయంలో పరిష్కరించబడ్డాయి. రాయితీ వర్తించదు." స్క్రీన్‌షాట్ల గురించి ఒక్క మాట లేదు. సిగ్నల్ రికార్డు గురించీ లేదు. డాకెట్ మూసేశారు.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 26

ఇప్పుడు అప్పీలు. 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకి అప్పిలేట్ అథారిటీ ఉండాలి. ఎవరో, మెయిల్ ఏమిటో కంపెనీ సైట్లో దాచిపెట్టినట్టు ఉంటుంది. దొరకకపోతే ట్రాయ్ వాళ్ల tccms.trai.gov.in లో కంపెనీల వారీగా ఉంటాయి. ముప్పై రోజుల లోపు పెట్టాలి, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలు కస్టమర్ కేర్ మనిషి చూసేది కాదు, కాబట్టి మూడు డాకెట్లూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఎక్కువ. కొత్తగా ఏమీ రాయకండి. పాత లేఖ, వాళ్ల జవాబు, "నా ఆధారాలను పరిశీలించలేదు" అనే ఒక్క వాక్యం చాలు.

గాజువాక_శ్రీను · జూన్ 26

అప్పీలు కూడా వాళ్ల మనిషే కదా చూసేది. దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు.

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూన్ 26

ఆ మాట నిజమే. కానీ కమిషన్‌కి వెళ్లినప్పుడు అన్ని మెట్లూ ఎక్కాను అని చూపించాలి కదా.

రవళి_ఉప్పల్ · జూలై 24

అప్పీలు ఫలితం వచ్చింది. మూడో డాకెట్‌ని "ప్రత్యేక పరిగణన" కింద తీసుకుని 219.99 ఇచ్చారు. ఈ నెల బిల్లులో సర్దుబాటు అని విడిగా కనిపిస్తోంది, జీఎస్టీ కలిపే వేశారు. మొదటి రెండు డాకెట్ల గురించి "కస్టమర్ ధృవీకరణతో మూసివేయబడ్డాయి" అన్నారు. రెండోదానికి ఓటీపీ నేనే ఇచ్చాను సరే, మొదటిదానికి నన్ను ఎవరూ అడగనే లేదు! సిగ్నల్ రికార్డు ఇవ్వలేదు.

మిగిలింది 251.42. దీని కోసం కమిషన్‌కి వెళ్లడం అవసరమా?

లలిత_విజయవాడ · జూలై 24

నేనైతే ఆగిపోతాను. 251 కోసం సెలవులు పెట్టుకుని తిరగాలా?

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూలై 24

వెళ్లాలా వద్దా అన్నది మీ ఓపిక. దారి మాత్రం తెరిచే ఉంది. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్ వినకూడదని కంపెనీలు చాలా ఏళ్లు వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మొబైల్ కంపెనీ కేసులో ఆ వాదన కొట్టేసింది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. అంటే ఇవాళే తేల్చుకోవాల్సిన పని లేదు. ఈలోగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, కొన్ని కంపెనీలు అక్కడి నుంచి వస్తే కదులుతాయి. అందరూ కదులుతారని చెప్పలేను.

నేను మీ స్థానంలో ఉంటే, మొదటి డాకెట్‌ని ఏ ఓటీపీతో, ఏ నంబరుకు పంపి మూశారో చూపమని ఒక మెయిల్ పెడతాను. వాళ్ల దగ్గర లేదనుకోండి, అది 251 కంటే విలువైన కాగితం.

రవళి_ఉప్పల్ · జూలై 25

పెట్టాను. 1915లో కూడా నమోదు చేశాను. కమిషన్ సంగతి దసరా తర్వాత చూస్తాను, ఆఫీసులో ఆడిట్ ఉంది. ఇప్పుడు రోజూ పొద్దున Rx Power చూస్తున్నాను, మా ఆయన నవ్వుతున్నారు. నిన్న -22.8 ఉంది, యాదగిరి గారూ, తగ్గుతోంది, టెన్షన్ పడాలా?

ఫైబర్_యాదగిరి · జూలై 25

వద్దక్కా, ఒకటి రెండు అటుఇటు ఊగుడు మామూలే. వారం రోజుల్లో -25 దాటితే మాత్రం ఇప్పుడే కంప్లైంట్ ఇయ్యండి, నెట్ పోయేదాకా ఆగకండి.

నర్సింహ_ఆలేరు · జూలై 27

ఇదంతా చదివాను. మా ఊళ్లో కంపెనీ ఆఫీసు లేదు, కేబుల్ ఆపరేటర్‌కే నెలనెలా నగదు ఇస్తాం. వానలు మొదలైనప్పటి నుంచి వారంలో సగం రోజులు నెట్ ఉండట్లేదు. కంప్లైంట్ అంటే అతని ఫోన్‌కి చేయడమే, డాకెట్ అనేదే లేదు. అడగ్గా అడగ్గా ఒక రసీదు రాసిచ్చాడు, దాని మీద అతని పేరుంది, కంపెనీ పేరు లేదు. నా కనెక్షన్ అసలు ఎవరిది? క్రెడిట్ ఎవరిని అడగాలి?

పాత_ఎక్స్ఛేంజ్_మూర్తి · జూలై 27

రూటర్ కింద స్టిక్కర్ మీదా, మీరు లాగిన్ అయ్యే యూజర్‌నేమ్ చివరా ఏ పేరుందో రాయండి. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆధార్ కాపీ ఇచ్చి సంతకం చేసిన ఫారం ఉంటే అది కూడా వెతకండి. అతను కంపెనీ తరఫున డబ్బు తీసుకుంటున్నాడా, తనే సొంతంగా అమ్ముతున్నాడా అన్నది తేలితే గానీ ముందుకు వెళ్లలేం.